తప్పు రుజువైంది.. ఉద్యోగం నుంచి తీసేసే లేఖలో ఏం రాయాలి? లెక్క ఎలా చెల్లించాలి?

మార్కాపురం: పలకల ఫ్యాక్టరీలో స్టాకు తగ్గింది. విచారణ జరిగింది. స్టోర్ గుమస్తా తప్పు చేశాడని తేలింది. ఇప్పుడు యజమాని చేతిలో ఒక తెల్ల కాగితం ఉంది. 'రేపటి నుంచి రావద్దు' అని ఒక్క లైను రాసి ఇచ్చేస్తే సరిపోతుందా? సరిపోదు. అలా రాసిన లేఖ లేబర్ ఆఫీసుకు చేరితే, తప్పు చేసిన మనిషి బాధితుడిగా, నష్టపోయిన యజమాని దోషిగా నిలబడే పరిస్థితి వస్తుంది. అటు ఉద్యోగికి కూడా తనను ఎందుకు తీసేశారో, రావాల్సిన డబ్బు ఎంతో తెలియకపోతే ఎక్కడికి వెళ్లి అడగాలో అర్థం కాదు.

మార్కాపురం పలకల యూనిట్లు, గిద్దలూరు, కంభం వైపు మిల్లులు, దుకాణాలు.. ఈ ప్రాంతంలో ఎక్కువగా ఉన్నవి చిన్న సంస్థలే. వీటిలో హెచ్‌ఆర్ విభాగాలు ఉండవు. యజమాని, అకౌంటెంట్ కలిసి కూర్చుని లేఖ రాస్తారు. అందుకే ఆ లేఖలో ఏముండాలి, దాని వెనక ఏ కాగితాలు ఉండాలి అన్నది ఒక ఉదాహరణతో మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. ఈ ఉదాహరణ కల్పితం. ఏ ఫ్యాక్టరీకీ, ఏ వ్యక్తికీ సంబంధించింది కాదు. అందులో వచ్చే నిబంధనలు, కోర్టు తీర్పులు మాత్రం నిజమైనవి.

లేఖ అనేది ఫైల్లో చివరి కాగితం

ముందుగా ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి. తొలగింపు లేఖ కొత్తగా ఏదీ ఆరోపించకూడదు. అంతకు ముందు ఫైల్లో ఉన్న కాగితాలు ఏం చెప్పాయో అదే చెప్పాలి. లేఖలో ఉన్న ప్రతి పేరాకు వెనక ఒక కాగితం ఉండాలి. కాగితం లేని పేరా ఉంటే కోర్టులో మొదట పట్టుకునేది దాన్నే.

మన ఉదాహరణ చూద్దాం. గుమస్తా 2015 ఫిబ్రవరి 1న చేరాడు. మూల వేతనం, డీఏ కలిపి నెలకు రూ.15,600. వేరే అలవెన్సులు లేవనుకుందాం. 2026 జనవరి 12న స్టాకు లెక్కిస్తే 48 పెట్టెల పలకలు తక్కువొచ్చాయి. గేట్ పాస్ పుస్తకం తిరగేస్తే సంగతి బయటపడింది. డిసెంబర్ 6, డిసెంబర్ 19, జనవరి 3 తేదీల్లో గేటు దగ్గర ఉన్న కాపీలో 40 పెట్టెలని ఉంది. ఆఫీసు కాపీలో 24 అని ఉంది. అంటే ఒక్కోసారి 16 పెట్టెలు లెక్కలోకి రాకుండా బయటికి వెళ్లాయి. పెట్టె ధర రూ.800 చొప్పున నష్టం రూ.38,400. రెండు కాపీల మీదా గుమస్తా సంతకమే ఉంది.

ఇంత స్పష్టంగా కనిపిస్తున్నప్పుడు ఇంకా విచారణ ఎందుకు అని యజమానికి అనిపించడం సహజం. కానీ కాపీలు తేడాగా ఉన్నాయన్నది ఒక విషయం, ఆ తేడా ఎలా వచ్చిందన్నది ఇంకో విషయం. సూపర్‌వైజర్ చెప్పాడని రాశాడా? ఎవరైనా తర్వాత దిద్దారా? ఈ ప్రశ్నలకు గుమస్తా చెప్పేది వినకుండా 'రుజువైంది' అనే మాట వాడటానికి వీల్లేదు.

సస్పెన్షన్ నుంచి రిపోర్ట్ దాకా

జనవరి 13న సస్పెన్షన్ ఆర్డర్ ఇచ్చారు. సస్పెన్షన్ అంటే శిక్ష కాదు. విచారణ సాగేటప్పుడు రికార్డుల దగ్గర ఉండకుండా చూడటం మాత్రమే. అందుకే ఆ కాలంలో జీవన భృతి చెల్లించాలి. పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం మొదటి 90 రోజులు వేతనంలో సగం. ఆలస్యం ఉద్యోగి వల్ల కాకపోతే ఆ తర్వాత 75 శాతం. విచారణ కూడా మామూలుగా 90 రోజుల్లోనే ముగించాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన ఈ కోడ్‌లో స్టాండింగ్ ఆర్డర్ల అధ్యాయం 300 మంది, అంతకు మించి కార్మికులున్న సంస్థలకే తప్పనిసరి. మన దగ్గరి చాలా యూనిట్లు ఆ లెక్కలోకి రావు. అలాగని 'మాకు రూల్స్ లేవు' అనుకుంటే పొరపాటే. ఆరోపణ చెప్పడం, సమాధానం వినడం, పక్షపాతం లేని మనిషితో విచారణ చేయించడం అనే సహజ న్యాయ సూత్రాలు చిన్న సంస్థకూ వర్తిస్తాయి. దుకాణాలకు రాష్ట్ర దుకాణాలు, సంస్థల చట్టం విడిగా ఉంది. భృతి ఇవ్వకపోతే ఉద్యోగి విచారణకు రాలేకపోయానని చెబుతాడు. 1999లో భారత్ గోల్డ్ మైన్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ వాదనను ఒప్పుకుంది. కాబట్టి చిన్న యూనిట్ అయినా భృతి ఇవ్వడమే మంచిది.

జనవరి 19న ఛార్జ్‌షీట్ ఇచ్చారు. అందులో మూడు అభియోగాలు. ఒకటి, మూడు తేదీల్లో రెండు రకాల గేట్ పాస్‌లు రాయడం. రెండు, దానివల్ల 48 పెట్టెలు లెక్క లేకుండా బయటికి వెళ్లి రూ.38,400 నష్టం జరగడం. మూడు, ఆ సరుకు కొన్న వ్యాపారి దగ్గర డబ్బు తీసుకోవడం. జవాబుకు ఏడు రోజులు గడువు. 'స్టోర్‌లో అవకతవకలకు పాల్పడ్డారు' అని గాల్లో రాస్తే అది ఛార్జ్‌షీట్ కాదు. తేదీ, గేట్ పాస్ నంబరు, పెట్టెల సంఖ్య ఉండాలి. దేనికి జవాబివ్వాలో ఉద్యోగికి తెలియాలి.

జనవరి 25న గుమస్తా జవాబిచ్చాడు. సంతకాలు నావే. కానీ సూపర్‌వైజర్ నోటిమాటగా చెబితేనే అలా రాశాను. ఎవరి దగ్గరా డబ్బు తీసుకోలేదు. ఇదీ ఆ జవాబు సారాంశం. అది సంతృప్తికరంగా లేదని ఫిబ్రవరి 2న విచారణాధికారిని నియమించారు. స్టాకు తగ్గిందని పట్టుకున్న అకౌంటెంట్‌ను విచారణాధికారిగా పెట్టకూడదు. ఆయన సాక్షి. సాక్షే తీర్పు చెబితే విచారణ మొత్తం పోతుంది. అందుకే ఈ వ్యవహారంతో సంబంధం లేని ఒక న్యాయవాదిని నియమించారనుకుందాం.

ఫిబ్రవరి 9, 16, 23 తేదీల్లో విచారణ జరిగింది. వాచ్‌మన్, అకౌంటెంట్, సూపర్‌వైజర్ వాంగ్మూలం ఇచ్చారు. గుమస్తా తన తోటి ఉద్యోగిని సాయంగా తెచ్చుకున్నాడు. ముగ్గురినీ ప్రశ్నలు అడిగాడు. ప్రతి రోజు రికార్డు మీద ఇరుపక్షాల సంతకాలు తీసుకున్నారు. డిసెంబర్ 19న సూపర్‌వైజర్ సెలవులో ఉన్నాడని హాజరు పట్టీ చూపించింది. 'సూపర్‌వైజర్ చెప్పాడు' అన్న వాదన అక్కడ నిలబడలేదు. మార్చి 6న రిపోర్ట్ వచ్చింది. మొదటి, రెండో అభియోగాలు రుజువయ్యాయి. డబ్బు తీసుకున్నాడన్న మూడో అభియోగం రుజువు కాలేదు.

హైదరాబాద్ కేసు నేర్పిన పాఠం

చాలామంది యజమానులు ఇక్కడే తప్పటడుగు వేస్తారు. రిపోర్ట్ రాగానే తొలగింపు లేఖ టైప్ చేయిస్తారు. మధ్యలో ఒక మెట్టు ఉంది. అది హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ కేసుతో స్థిరపడింది.

ఈసీఐఎల్ మేనేజింగ్ డైరెక్టర్ వర్సెస్ బి.కరుణాకర్ కేసులో 1993 అక్టోబర్ 1న ఐదుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం తీర్పు ఇచ్చింది. విచారణాధికారి రిపోర్ట్ కాపీని ఉద్యోగికి ఇవ్వాలి. దాని మీద అతను చెప్పేది విన్నాకే శిక్ష నిర్ణయించాలి. సంస్థ రూల్స్‌లో ఈ మాట లేకపోయినా ఇవ్వాల్సిందే. ప్రభుత్వమైనా, ప్రైవేటైనా ఇదే పద్ధతి. కారణం మామూలుదే. శిక్ష వేసేది యజమాని. ఆయన చదివే రిపోర్ట్‌లో ఏముందో తెలియకుండా ఉద్యోగి ఏం సమాధానం చెబుతాడు?

అదే తీర్పులో యజమానికి ఊరటనిచ్చే మాట కూడా ఉంది. కాపీ ఇవ్వలేదన్న ఒక్క కారణంతో ప్రతి తొలగింపూ రద్దు కాదు. కాపీ ఇచ్చి ఉంటే ఫలితం మారేదా అని కోర్టు చూస్తుంది. నిజంగా నష్టం జరిగిందని తేలితేనే ఆర్డర్ పక్కన పెడుతుంది. కానీ ఆ వాదనకు ఏళ్లు పడుతుంది. కాపీ ఇవ్వడానికి ఒక జిరాక్స్, ఒక పోస్టల్ రసీదు చాలు.

మన ఉదాహరణలో మార్చి 9న రిపోర్ట్ కాపీతో పాటు రెండో షోకాజ్ నోటీసు పంపారు. 'మిమ్మల్ని తొలగించాలని, గ్రాట్యుటీలో రూ.38,400 మినహాయించాలని ప్రతిపాదిస్తున్నాం. పది రోజుల్లో జవాబివ్వండి' అని రాశారు. మార్చి 18న గుమస్తా జవాబిచ్చాడు. 11 ఏళ్ల సర్వీసులో ఒక్క మెమో కూడా లేదని, పిల్లల చదువులు ఉన్నాయని, క్షమించమని కోరాడు.

ఇక అసలు లేఖ

ఈ కాగితాలన్నీ చేతిలో ఉంటే లేఖ దానంతట అదే తయారవుతుంది. మార్చి 31న ఇచ్చిన లేఖ ఇలా ఉండొచ్చు.

> తేదీ: 31-03-2026
>
> శ్రీ ............ గారికి,
> స్టోర్ గుమస్తా
>
> విషయం: రుజువైన తీవ్ర దుష్ప్రవర్తన కారణంగా ఉద్యోగం నుంచి తొలగింపు
>
> 1. డిసెంబర్ 6, డిసెంబర్ 19, జనవరి 3 తేదీల గేట్ పాస్‌లకు సంబంధించి 19-01-2026న మీకు ఛార్జ్‌షీట్ ఇచ్చాం. 25-01-2026న మీరిచ్చిన జవాబు పరిశీలించిన తర్వాత విచారణాధికారిని నియమించాం.
>
> 2. ఫిబ్రవరి 9, 16, 23 తేదీల్లో జరిగిన విచారణకు మీరు హాజరయ్యారు. మీకు సాయంగా తోటి ఉద్యోగి ఉన్నారు. సాక్షులను ప్రశ్నించే అవకాశం, మీ వైపు సాక్ష్యం చెప్పే అవకాశం మీకు ఇచ్చారు.
>
> 3. 06-03-2026 నాటి రిపోర్ట్‌లో మొదటి, రెండో అభియోగాలు రుజువైనట్లు విచారణాధికారి తేల్చారు. ఆఫీసు కాపీలో 24 పెట్టెలు, గేటు కాపీలో 40 పెట్టెలు రాసి మీరు సంతకం చేశారని, దానివల్ల సంస్థకు రూ.38,400 నష్టం జరిగిందని నిర్ధారణ అయింది. మూడో అభియోగం రుజువు కాలేదు. దాన్ని మేం ఏ విధంగానూ పరిగణనలోకి తీసుకోవడం లేదు.
>
> 4. సూపర్‌వైజర్ చెప్పినందువల్లే అలా రాశానని మీరు చెప్పారు. డిసెంబర్ 19న ఆయన సెలవులో ఉన్నట్లు హాజరు పట్టీ చూపుతోంది. మిగతా రెండు రోజులకు కూడా ఆ మాటకు ఆధారం లేదు. అందువల్ల మీ వివరణను అంగీకరించలేకపోతున్నాం.
>
> 5. రిపోర్ట్ కాపీ మీకు 09-03-2026న పంపాం. 18-03-2026 నాటి మీ జవాబు చదివాం. మీ 11 ఏళ్ల సర్వీసును, గతంలో మీపై ఎలాంటి చర్యా లేకపోవడాన్ని, మీ కుటుంబ పరిస్థితిని పరిగణనలోకి తీసుకున్నాం. అయితే ఇది ఒక్కసారి జరిగిన పొరపాటు కాదు. నెల రోజుల వ్యవధిలో మూడుసార్లు జరిగింది. స్టోర్ బాధ్యత పూర్తిగా రికార్డుల మీద నమ్మకంతో నడిచేది. తక్కువ శిక్ష సరిపోదని భావిస్తున్నాం.
>
> 6. అందువల్ల 31-03-2026 పని వేళలు ముగిసినప్పటి నుంచి మిమ్మల్ని ఉద్యోగం నుంచి తొలగిస్తున్నాం.
>
> 7. మీకు రావాల్సిన మొత్తాల లెక్క ఈ లేఖతో జతపరిచాం. రూ.16,000 రెండు పని దినాల్లోగా, గ్రాట్యుటీ రూ.60,600 ముప్పై రోజుల్లోగా మీ బ్యాంకు ఖాతాలో జమ చేస్తాం.
>
> 8. స్టోర్ తాళాలు, గుర్తింపు కార్డు అకౌంటెంట్‌కు అప్పగించి రసీదు తీసుకోగలరు. పీఎఫ్ క్లెయిమ్‌కు, సర్వీస్ సర్టిఫికెట్‌కు మా వైపు నుంచి కావాల్సిన సహకారం ఉంటుంది.
>
> ఈ ఆర్డర్ మీద చట్టప్రకారం సంబంధిత అధికారిని ఆశ్రయించే హక్కు మీకు ఉంది.
>
> మేనేజింగ్ పార్టనర్ సంతకం
>
> జతపరిచినవి: తుది చెల్లింపుల లెక్క, విచారణ రిపోర్ట్ కాపీ

ఆ పేరాల్లో ఏముందో గమనించారా?

మూడో పేరాలో రుజువు కాని అభియోగం గురించి దాచలేదు. 'దాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు' అని రాశారు. ఈ మాట లేకపోతే, డబ్బు తిన్నాడన్న అనుమానం మీదే తీసేశారని ఉద్యోగి తరఫు వాదిస్తారు. నాలుగో పేరా ఉద్యోగి చెప్పిన వాదనకు నేరుగా సమాధానం. 'మీ జవాబు సంతృప్తికరంగా లేదు' అని ముగించి ఉంటే, అసలు చదివారా అనే ప్రశ్న వస్తుంది.

ఐదో పేరా అన్నిటికంటే ముఖ్యం. తప్పు రుజువైనా, తొలగింపు మరీ ఎక్కువ శిక్ష అనిపిస్తే ట్రైబ్యునల్ దాన్ని తగ్గించగలదు. పదేళ్లకు పైగా మచ్చలేని సర్వీసు ఉన్న మనిషి కేసులో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. యజమాని ఆ సర్వీసును చూశాడా, చూసి కూడా ఎందుకు ఈ నిర్ణయం తీసుకున్నాడు అన్నది లేఖలోనే ఉండాలి. ఒకవేళ గతంలో మెమోలు ఉండి, వాటి వల్లే శిక్ష పెంచాలనుకుంటే ఆ సంగతి రెండో షోకాజ్‌లోనే చెప్పాలి. లేఖలో హఠాత్తుగా పాత మెమోలు తీస్తే చెల్లదు.

ఇక భాష. లేఖ మొత్తంలో 'దొంగ', 'మోసగాడు', 'ద్రోహి' అనే మాటలు లేవు. దొంగతనం అని తేల్చాల్సింది క్రిమినల్ కోర్టు. యజమాని పోలీసులకు ఫిర్యాదు ఇవ్వాలనుకుంటే అది వేరే దారి. లేఖలో 'రెండు రకాల గేట్ పాస్‌లు రాసి సంతకం చేశారు' అంటే చాలు. ఆ వాక్యమే తిట్టు కన్నా గట్టిగా నిలబడుతుంది. 'చింతిస్తున్నాం', 'తప్పని పరిస్థితుల్లో' వంటి మాటలూ లేవు. అవి చదివితే నిర్ణయం ఇంకా మారుతుందేమోనన్న ఆశ పుడుతుంది. మర్యాద అంటే 'గారు', 'మీరు' అని రాయడం, వాదనకు సమాధానం ఇవ్వడం, డబ్బు ఎప్పుడొస్తుందో చెప్పడం.

ఈ లేఖను నోటీసు బోర్డుకు అతికించడం, ఫ్యాక్టరీ వాట్సాప్ గ్రూపులో పెట్టడం మాత్రం చేయొద్దు. పరువు నష్టం కేసుకు అదే దారి తీస్తుంది. చేతికి ఇచ్చి సంతకం తీసుకోవాలి. తీసుకోకపోతే ఇద్దరు సాక్షుల ముందు ఆ సంగతి రాసి, ఇంటి చిరునామాకు డెలివరీ రుజువు ఉండే పోస్టులో పంపాలి.

డబ్బు లెక్క ఇదీ

తప్పు చేసి పోతున్నవాడికి డబ్బెందుకు అనే మాట తరచూ వినిపిస్తుంది. పని చేసిన రోజుల వేతనం బహుమతి కాదు, సంపాదన. వేతనాల కోడ్ ప్రకారం తొలగించినా, రాజీనామా చేసినా రెండు పని దినాల్లోగా వేతన బకాయి చెల్లించాలి.

జనవరి 12 వరకు జీతం, జనవరి, ఫిబ్రవరి భృతి ముందే ఇచ్చేశారు. మిగిలింది మార్చి భృతి. 15,600లో సగం, అంటే రూ.7,800. వాడుకోని సెలవులు 18 రోజులు. రోజు వేతనం 15,600ను 26తో భాగిస్తే రూ.600. సెలవుల డబ్బు రూ.10,800. రెండూ కలిపితే రూ.18,600. గుమస్తా తీసుకున్న పండగ అడ్వాన్స్‌లో ఇంకా రూ.2,600 బాకీ ఉంది. అది పోగా చేతికి రూ.16,000.

గ్రాట్యుటీ లెక్క వేరు. ఏడాదికి 15 రోజుల వేతనం. 15,600ను 26తో భాగించి 15తో గుణిస్తే రూ.9,000. సర్వీసు 11 ఏళ్ల 2 నెలలు. ఆరు నెలలు దాటలేదు కాబట్టి 11 ఏళ్లే లెక్క. మొత్తం రూ.99,000. ఇందులోంచి నష్టం మేరకు రూ.38,400 మినహాయిస్తే రూ.60,600.

ఈ మినహాయింపు దగ్గర జాగ్రత్త అవసరం. కావాలని చేసిన పని వల్ల సంస్థకు నష్టం జరిగి, అందుకే ఉద్యోగిని తొలగిస్తే, ఆ నష్టం మేరకే గ్రాట్యుటీ ఆపొచ్చు. నైతిక పతనం కిందికి వచ్చే నేరమైతే కొంత గానీ, మొత్తం గానీ ఆపే వీలుంది. దానికి క్రిమినల్ కోర్టులో శిక్ష పడి ఉండాలా అన్నదానిపై 2025 ఫిబ్రవరి 17న వెస్ట్రన్ కోల్‌ఫీల్డ్స్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టత ఇచ్చింది. శిక్ష పడాల్సిన అవసరం లేదు, విచారణలో రుజువైతే చాలు అంది. అయితే అదే తీర్పులో మహారాష్ట్ర ఆర్టీసీ కండక్టర్ల సంగతి కూడా ఉంది. టికెట్ డబ్బు సంస్థకు జమ చేయని ఆ కండక్టర్ల గ్రాట్యుటీ మొత్తం ఆపడం సరికాదంటూ 25 శాతానికే పరిమితం చేసింది. అంటే ఆపే అధికారం ఉన్నంత మాత్రాన అంతా ఆపేయమని కాదు. ఎంత ఆపుతున్నామో, ఎందుకో చెప్పాలి. ముందుగా నోటీసు ఇవ్వాలి. మన ఉదాహరణలో మార్చి 9 నోటీసులోనే ఆ అంకె రాయడానికి కారణం ఇదే.

పీఎఫ్ జోలికి మాత్రం వెళ్లకూడదు. ఖాతాలో ఉన్నది యజమాని వాటాతో సహా ఉద్యోగిదే. నష్టం కింద దాన్ని పట్టుకునే హక్కు సంస్థకు లేదు. పోర్టల్‌లో ఉద్యోగం వదిలిన తేదీ నమోదు చేయకుండా నాన్చినా ఆ డబ్బు తీసుకోవడం కష్టమవుతుంది. చాలా గొడవలు ఇక్కడే మొదలవుతాయి. బోనస్ విషయంలో చట్టం యజమాని వైపే ఉంది. మోసం, దొంగతనం, సొమ్ము దుర్వినియోగం వంటి కారణాలతో తొలగిస్తే బోనస్‌కు అర్హత పోతుంది.

లేఖ అందుకున్నవాళ్లు ఏం చూసుకోవాలి?

ఇటువైపు నుంచి కూడా ఒకసారి చూద్దాం. లేఖ చేతికొస్తే కోపంలో చించేయకండి. సంతకం చేయనని మొండికేయకండి. 'అందుకున్నాను' అని తేదీ వేసి సంతకం పెడితే తప్పు ఒప్పుకున్నట్లు కాదు. తర్వాత లేఖను ఛార్జ్‌షీట్ పక్కన పెట్టి చదవండి. ఛార్జ్‌షీట్‌లో లేని ఆరోపణ లేఖలో ఉందా? రిపోర్ట్ కాపీ మీకు ముందే ఇచ్చారా? మీరు చెప్పిన వాదనకు ఒక్క వాక్యమైనా జవాబు ఉందా? ఈ మూడింటిలో ఏది లోపించినా మీ కేసుకు బలం ఉన్నట్లే.

'నాకు ఇంక ఏ బకాయీ లేదు, ఏ క్లెయిమూ చేయను' అని రాసిన కాగితం మీద సంతకం పెడితేనే చెక్కు ఇస్తామంటే తొందరపడకండి. డబ్బు తీసుకుంటూ 'నా హక్కులకు, అభ్యంతరాలకు లోబడి తీసుకున్నాను' అని రాయొచ్చు. తొలగింపు మీద వివాదం లేవదీయాలంటే ముందు కార్మిక శాఖలోని రాజీ అధికారి దగ్గరికి వెళ్లాలి. అక్కడ 45 రోజుల్లో తేలకపోతే ట్రైబ్యునల్‌కు వెళ్లొచ్చు. తొలగించిన తేదీ నుంచి రెండేళ్లు దాటితే మాత్రం దారి మూసుకుపోతుంది. పాత చట్టంలో ఇది మూడేళ్లు ఉండేది. ఆ పాత లెక్కలో ఉండి ఆలస్యం చేస్తే నష్టపోయేది మీరే.

యజమాని వైపు చివరి మాట కూడా ఇదే ఫైల్ గురించి. లేఖ ఇచ్చిన రోజే ఛార్జ్‌షీట్, జవాబు, విచారణ రికార్డు, రిపోర్ట్, రెండో షోకాజ్, పోస్టల్ రసీదులు, చెల్లింపు రుజువులు ఒకే చోట వరుసగా కట్టి భద్రపరచండి. అసలు గేట్ పాస్ కాపీలు కూడా అందులోనే ఉండాలి. రెండేళ్ల లోపు ఎప్పుడైనా నోటీసు రావచ్చు. అప్పటికి వాచ్‌మన్ మారిపోయి ఉండొచ్చు, సూపర్‌వైజర్ వేరే ఊరు వెళ్లిపోయి ఉండొచ్చు. అప్పుడు మాట్లాడేవి ఆ కాగితాలే.